పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది, టీవీ మాత్రం నల్లగా ఉంది

నెల్లూరు టౌనులోనూ, కావలి, ఆత్మకూరు, ఉదయగిరిలోనూ మా బాబాయి వాళ్లకు మిఠాయి దుకాణాలున్నాయి. అన్నిట్లో కలిపి రేట్ల బోర్డు చూపించే టీవీలు ఆరు. ఒక్కో టీవీ వెనక రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు డబ్బా, అన్నీ నెల్లూరులోని నా ల్యాప్‌టాప్‌లో ఒకే డ్యాష్‌బోర్డు కింద. టీవీల్లో ఏం కనిపించాలో దూరం నుంచే నడిపించేందుకు నెలకు స్క్రీనుకు ఇంత అని డబ్బు కట్టే సర్వీసు ఇది. ఏడాది దాటింది వాడుతూ. బొమ్మలు ఎక్కించడం, ప్లేలిస్టు కట్టడం ఏ కంపెనీ వీడియో చూసినా తెలిసిపోయేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలుచుకున్నది ఒక్క బటన్ గురించి. డ్యాష్‌బోర్డులో ఉండే రీస్టార్ట్ బటన్.

మొదటి నెలల్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఉదయగిరి షాపు నుంచి కుర్రాడు ఫోన్ చేస్తాడు, "అన్నా, మలై కాజా రేటు పాతదే చూపిస్తా ఉంది" అని. అంతకుముందైతే ఆ ఊరికి మనిషిని పంపాలి, లేదంటే వాడికి ఫోన్‌లోనే ఏ వైరు పీకాలో, ఏది పీకకూడదో చెప్పాలి. ఇప్పుడు నేను కూర్చున్న చోటే బటన్ నొక్కితే అర నిమిషంలో డబ్బా మళ్లీ లేస్తుంది, కొత్త రేటు వస్తుంది. రేట్ల బోర్డు తప్పుగా ఉంటే కౌంటర్ దగ్గర జరిగే గొడవ మిఠాయి వ్యాపారం చేసేవాళ్లకే తెలుస్తుంది. బోర్డు మీద కిలో ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు ఉంటే కస్టమరు బోర్డు వైపే వేలు చూపిస్తాడు, అందులో న్యాయం కూడా ఉంది. ఆ టెన్షన్ పోయినందుకే నేను ఈ సర్వీసును కనిపించిన ప్రతి వాళ్లకూ చెప్పాను. కావలి సంగతి తర్వాత చెప్పడం కొంచెం తగ్గించాను.

దీపావళి ముందు వానలు పట్టుకున్న రోజులు. మన జిల్లాలో ఆ కాలంలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, ఉరిమితే చాలు పోతుంది. కావలి షాపులో కరెంటు పోయి వచ్చిన తర్వాత టీవీ మీద ఏమీ లేదు, "సిగ్నల్ లేదు" అన్న మాట తప్ప. డ్యాష్‌బోర్డులో చూస్తే కావలి పక్కన ఆన్‌లైన్‌లో ఉందని చెప్పే పచ్చ చుక్క. స్క్రీన్‌షాట్ అడిగితే నిక్షేపంలాంటి రేట్ల బోర్డు వచ్చింది. నా కంటికి అంతా బాగుంది, అక్కడ నిలబడ్డ కుర్రాడికి నల్ల టీవీ. రీస్టార్ట్ నొక్కాను, బొమ్మ వచ్చింది. అప్పటికి సరే అనుకున్నాం. సాయంత్రం కరెంటు మళ్లీ పోయింది, వచ్చాక మళ్లీ అదే కథ. పండగ వారమంతా ఇదే వరస. ఆత్మకూరులోనూ కరెంటు అలాగే పోతోంది, అక్కడ మాత్రం ఈ జబ్బు లేదు.

సర్వీసు వాళ్లకు రాస్తే, స్క్రీన్ ఆన్‌లైన్‌లోనే ఉంది, కేబుల్ చూసుకోండి అని జవాబు. కేబుల్ మార్చాం, ఏమీ మారలేదు. కేబుల్ పాడైతే రీస్టార్ట్‌కు బాగుపడదు కదా అన్నది అసలు నన్ను తొలిచిన ప్రశ్న. రీస్టార్ట్‌కు ఎందుకు బాగవుతోందో తెలిస్తే జబ్బేదో తెలిసినట్టే. ఈసారి కరెంటు వచ్చాక, కుర్రాడు టీవీ ఆన్ చేయకముందే, రీస్టార్ట్ నొక్కకుండా, డ్యాష్‌బోర్డులోంచే టెర్మినల్ తెరిచి ఇది అడిగాను:

```
cat /sys/class/drm/card*-HDMI-A-1/status
```

`disconnected` అని వచ్చింది. టీవీకి కరెంటు అందుతోంది, కేబుల్ గట్టిగా ఉంది, డబ్బా మాత్రం నాకు టీవీయే కనపడలేదు అంటోంది.

జరిగేది ఇదీ. కరెంటు రాగానే డబ్బా దానంతటది లేచిపోతుంది. టీవీ అలా లేవదు, చిన్న ఎర్ర లైటుతో స్టాండ్‌బైలో నిలబడుతుంది. కుర్రాడు కస్టమరును పంపించి, రిమోట్ వెతికి ఆన్ చేసేసరికి ఐదు పది నిమిషాలు గడుస్తాయి. డబ్బా లేచేటప్పుడు అటువైపు టీవీ ఉందా అని హెచ్‌డీఎంఐ వైరులోని ఒక పిన్ను చూసి తెలుసుకుంటుంది. కొన్ని టీవీలు స్టాండ్‌బైలో ఉన్నా "ఉన్నాను" అని ఆ పిన్ను మీద చెబుతాయి, ఆత్మకూరు టీవీ ఆ రకం. కావలిలోది చౌకలో కొన్నది, స్టాండ్‌బైలో ఉంటే ఉలకదు పలకదు. టీవీ లేదనుకుని డబ్బా ఆ వైపు బొమ్మ పంపడం మానేస్తుంది. టీవీ తర్వాత వెలిగినా, మా ప్లేయరు సాఫ్ట్‌వేర్ మళ్లీ తిరిగి చూడదు. బొమ్మను మాత్రం తన మెమరీలో శ్రద్ధగా గీస్తూనే ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసేది అక్కడి నుంచే. అందుకే నాకు బోర్డు కనిపించింది. నేను రీస్టార్ట్ నొక్కే సమయానికి టీవీ వెలిగి ఉంటుంది కాబట్టి బొమ్మ వచ్చేది. అంటే ఆ బటన్ చేసిన వైద్యం ఏమీ లేదు, టీవీ లేచాక డబ్బాను ఇంకోసారి లేపింది, అంతే.

మందు ఒక్క ముక్క. `/boot/firmware/cmdline.txt` ఫైలులో ఉన్న లైను చివర ఒక ఖాళీ వదిలి ఇది చేర్చాలి:

```
video=HDMI-A-1:1920x1080@60D
```

చివరి `D` అక్షరమే ముఖ్యం. టీవీ కనిపించినా కనిపించకపోయినా బొమ్మ పంపుతూనే ఉండు అని చెప్పేది అదే. నెట్‌లో వెతికితే ఎక్కువ చోట్ల `hdmi_force_hotplug=1` అని పాత చిట్కా దొరుకుతుంది. ఇప్పటి రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో డిస్‌ప్లే డ్రైవరు మారింది, కొత్త డ్రైవరు దాన్ని పట్టించుకోదు. ఇంకో రెండు సంగతులు. ఆ ఫైలులో ఉన్నదంతా ఒకే లైనులో ఉండాలి, కిందికి దించి రాస్తే ఆ ముక్కను చదవదు. పొరపాటున పాత లైను మధ్యలో విరిగితే డబ్బా అసలు లేవదు, అప్పుడు ఏ రిమోట్ బటనూ ఆదుకోదు, బస్సెక్కాల్సిందే. అందుకని ముందు నెల్లూరులో మన కళ్ల ముందున్న డబ్బాలో పెట్టి, రెండు మూడుసార్లు ప్లగ్గు పీకి చూసి, ఆ తర్వాతే కావలిలో పెట్టాను. రెండోది, `HDMI-A-1` అంటే పై 4లో కరెంటు వైరు గుచ్చే వైపు ఉన్న రంధ్రం. షాపులో దుమ్ము దులిపేటప్పుడు ఎవరైనా వైరు తీసి పక్క దాంట్లో పెడితే ఈ లైను ఉన్నా లేనట్టే. ఆ పక్క రంధ్రానికి అన్నిచోట్లా టేపు వేయించాను.

అప్పటి నుంచి కావలి నల్లబడలేదు. దీని వల్ల ఒక నష్టం ఉంది, అది కూడా చెప్పాలి. పైన చెప్పిన `status` ఇప్పుడు ఎప్పుడు అడిగినా `connected` అనే అంటుంది, టీవీని గోడ మీంచి దించేసినా సరే. బలవంతంగా చెప్పించాం కదా. టీవీ నిజంగా వెలుగుతోందా అన్నది ఇక డబ్బాను అడిగి లాభం లేదు. సీఈసీ అని హెచ్‌డీఎంఐలోనే ఒక ఏర్పాటుంది, దాని ద్వారా టీవీనే నేరుగా అడగొచ్చు, ఆన్ కూడా చేయొచ్చు. మా వాటిలో మంచి కంపెనీ టీవీలు జవాబిస్తాయి, కావలిది ఇవ్వదు. కాబట్టి పొద్దున షాపు తీయగానే బోర్డు ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. ఇంత టెక్నాలజీ పెట్టి చివరికి ఫోటోనా అని బాబాయి నవ్వుతాడు. నవ్వనీ, పచ్చ చుక్క కన్నా ఆ ఫోటోనే నేను నమ్ముతాను.

అప్‌డేట్ల విషయంలో నా గొణుగుడు చిన్నదే. సర్వీసు మామూలుగా అర్ధరాత్రి దాటాక అప్‌డేట్ చేసేలా పెట్టి ఇస్తుంది. పెద్ద ఊళ్ల మాల్స్‌కు అది సరిపోతుందేమో. మన దగ్గర షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేయడం తాతల నాటి అలవాటు, రాత్రి రెండింటికి అన్ని డబ్బాలూ చీకట్లోనే ఉంటాయి. అప్‌డేట్ అంతా పొద్దున షట్టరు ఎత్తిన వెంటనే, పూజ చేసి తొలి బేరం చూసుకునే సమయానికి మొదలవుతుంది. నేను దాన్ని మధ్యాహ్నం మూడింటికి మార్చాను, ఆ వేళ మిఠాయి కొట్టుకు పెద్దగా ఎవరూ రారు. ముందు ఒక్క షాపుకు ఇచ్చి, రెండు రోజులు చూసి, మిగతావాటికి వదులుతాను. మా సర్వీసులో అప్‌డేట్ డబ్బా నడుస్తున్న మెమరీ కార్డు మీదనే రాస్తుంది, మధ్యలో కరెంటు పోతే కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. కొన్ని సర్వీసుల్లో కార్డును రెండు భాగాలు చేసి, ఖాళీగా ఉన్న దాంట్లో కొత్తది రాసి, అది లేవకపోతే పాతదానికి తిరిగొచ్చే పద్ధతి ఉంటుంది. ఇప్పుడు కొత్తగా తీసుకునే పనైతే నేను ముందు అడిగేది అదే. మాకు అది లేదు కాబట్టి డబ్బాలను షాపు ఇన్వర్టరు లైను మీదికి మార్చాం. బొమ్మ బలవంతంగా పంపే లైను ఉంది గనక టీవీ ఒక్కటే ఆరి వెలిగినా ఇబ్బంది రాలేదు.

డబ్బా పూర్తిగా బిగుసుకుపోతే రీస్టార్ట్ బటన్ నొక్కినా ఆ మాట దాని చెవిన పడదు. నెట్ పోయినా అంతే. బిగుసుకుపోయినప్పటి కోసం రాస్‌ప్‌బెర్రీ పై లోనే వాచ్‌డాగ్ అని ఒకటి ఉంది, సిస్టమ్ కొన్ని సెకన్లు స్పందించకపోతే అదే లేపేస్తుంది. సర్వీసు వాళ్లు దాన్ని ఆన్ చేసి ఇవ్వలేదు, నేను చేసుకున్నాను.

ఇక కొనమంటానా అంటే, మాలాగా ఊరికొక షాపు ఉండి, ఇంట్లో టెర్మినల్ తెరవగలిగే మనిషి ఒకడు ఉంటే కొనండి, డబ్బు దండగ కాదు. ఒకే వీధిలో రెండు షాపులున్నవాళ్లకు నెలనెలా ఇంత కట్టడం నాకైతే ఎక్కువనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ పట్టుకుని నడిచిపోవచ్చు. మా రెన్యువల్ వచ్చే నెల. ఆరింటికీ కట్టేస్తున్నాను, కావలి టీవీని మాత్రం ఈ పండగలోపు మార్చమని బాబాయికి చెప్పి ఉంచాను.