చిప్పిపారైకి ఏ సంచి మేలు? ముందున్న అంకె, వెనకున్న జాబితా

మా కుక్క పేరు గాలి, రెండేళ్ల మగ చిప్పిపారై, తమిళనాడు వేటజాతి. విరుదునగర్ వైపు నుంచి తెచ్చుకున్నాం, ఇప్పుడు 16 కిలోలు తూగుతుంది. చెన్నై కొళత్తూరులో మేముండే వీధిలో సాయంత్రం దాన్ని నడిపించుకు వెళ్తే, కింది వాటాలో ఉండే నెల్లూరు పెద్దావిడ తప్పకుండా ఒక మాట అంటారు: "ఏమ్మా, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, దానికి తిండి పెడుతున్నారా లేదా?" ఆవిడ తప్పేమీ లేదు. లాబ్రడార్లనూ స్పిట్జులనూ చూసిన కంటికి చిప్పిపారై, కన్ని వంటి వేటజాతులు ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టే కనిపిస్తాయి. నిజానికి చివరి రెండు మూడు పక్కటెముకలు, నడుము దగ్గర ఎముకల అంచులు పైకి తెలియడం ఈ జాతికి ఉండవలసిన రూపమే. చూడవలసింది పక్కటెముకలను కాదు, తొడ కండను. చేత్తో పట్టుకుంటే తొడ గట్టిగా, నిండుగా ఉండాలి, వెన్నుపూసకు రెండు వైపులా పలుచని కండ వేలికి తగలాలి. అది ఉంటే కుక్కకు తిండి సరిపోతున్నట్టే. అందువల్ల నా వెతుకులాట బరువు పెంచే ఆహారం కోసం కాదు, కండను నిలిపే ప్రొటీన్ ఏ సంచిలో ఉందో తేల్చుకోవడానికి.

మా వీధి చివరి దుకాణంలో కుక్కల తిండి సంచులు మూడు పక్కపక్కన పెట్టించి చదివాను. మొదటిదాని ధర కిలో సుమారు 220 రూపాయలు, ప్రొటీన్ కనీసం 22 శాతం, జాబితాలో మొదటి మాట "ధాన్యాలు, ధాన్యపు ఉపఉత్పత్తులు". రెండోది కిలో 480, ప్రొటీన్ 26 శాతం, సంచి మీద పెద్ద అక్షరాల్లో "మొదటి పదార్థం తాజా కోడిమాంసం" అని ఉంది. మూడోది కిలో 420, ప్రొటీన్ అదే 26 శాతం, బొమ్మలు పెద్దగా లేవు, జాబితాలో మొదటి మాట "చికెన్ మీల్". ముగ్గురిలో ఇద్దరు కొనుగోలుదారులు రెండోదే తీసుకుంటారని దుకాణదారు చెప్పాడు. సంచిని చూస్తే నాకూ మొదట అదే అనిపించింది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. సంచి వెనక "క్రూడ్ ప్రొటీన్" అని రాసేది ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలిచి రాసినది కాదు. పదార్థంలో ఎంత నత్రజని ఉందో కనుక్కొని, దాన్ని 6.25తో గుణించి వేసిన అంచనా అది. నత్రజని కోడి ఛాతీకండ నుంచి వచ్చిందా, ఈకల పొడి నుంచి వచ్చిందా, మొక్కజొన్న నుంచి వచ్చిందా అన్నది ఆ లెక్కకు తెలియదు. 2007లో అమెరికాలో జరిగిన పెంపుడు జంతువుల ఆహార కుంభకోణానికి మూలం ఈ గుడ్డితనమే: చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమ నుంచి తీసిన ప్రొటీన్ పొడిలో, నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ కలిపితే పరీక్షలో ప్రొటీన్ శాతం పెరిగినట్టు కనిపించింది, కానీ ఆ ఆహారం తిన్న కుక్కలూ పిల్లులూ మూత్రపిండాలు చెడి చనిపోయాయి. మామూలు సంచుల్లో అలాంటి విషం ఉందని నా ఉద్దేశం కాదు. 26 అనే అంకె ఎంత చెబుతుందో, ఎంత దాస్తుందో తెలియడానికే ఈ ప్రస్తావన.

దాచినదాన్ని చెప్పేది జాబితా, అయితే దానికీ ఒక మెలిక ఉంది. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, కాని ఆ బరువు మిశ్రమంలో వేసినప్పటిది, వండి ఆరబెట్టిన తరవాతది కాదు. రెండో సంచి వరస ఇది: తాజా కోడిమాంసం, మొక్కజొన్న, బియ్యపు నూక, మొక్కజొన్న గ్లూటెన్, తవుడు, చికెన్ మీల్, చికెన్ కొవ్వు. సంచి మీద పాళ్లు రాయలేదు కనుక ఉదాహరణకు 100 కిలోల మిశ్రమంలో కోడిమాంసం 20, మొక్కజొన్న 18, నూక 15, గ్లూటెన్ 12, తవుడు 10 కిలోలు అనుకుందాం. పచ్చి కోడిమాంసంలో దాదాపు మూడింట రెండు వంతులు నీరే కాబట్టి ఆరిన తరవాత ఆ 20 కిలోలు ఏడు కిలోలకు దిగిపోతాయి, ముందే పొడిగా ఉన్న గింజలూ పిండ్లూ పెద్దగా తగ్గవు. వరసలో మొదట నిలిచిన కోడి నిజానికి గ్లూటెన్‌కూ తవుడుకూ వెనక్కి పోయింది. ఇంకొకటి, మొక్కజొన్ననే గింజగా ఒకసారి, గ్లూటెన్‌గా ఒకసారి విడదీసి రాశారు, రెండూ కలిపితే 30 కిలోలు, అదే అసలు మొదటి పదార్థం. ప్రొటీన్ లెక్క ఇంకా స్పష్టం: 20 కిలోల పచ్చి కోడిలో ప్రొటీన్ నాలుగు కిలోలకు లోపే ఉంటుంది, 12 కిలోల మొక్కజొన్న గ్లూటెన్‌లో సుమారు ఏడు కిలోలు. సంచి మీద కోడి బొమ్మ ఉన్నా, ఈ పాళ్లలో 26 శాతంలో పెద్ద వాటా మొక్కజొన్నది.

మొక్కజొన్న ప్రొటీన్‌తో వచ్చే చిక్కు దానిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువగా ఉండడం. కండ కట్టడానికి కావలసిన అమైనో ఆమ్లాల్లో ఏది తక్కువైతే దాని మేరకే మిగతావీ పనికొస్తాయి. జాబితా చివర "ఎల్-లైసిన్" అని విడిగా కనిపిస్తే ఆ లోటును తయారీదారు పూడుస్తున్నాడని అర్థం, అది తప్పు కాదు, పైగా పూడ్చకపోవడం కన్నా నయం. కాని ప్రొటీన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చిన్న సాక్ష్యం అది. అలాగే ఉప్పు ఎక్కడుందో చూడండి. ఉప్పు సాధారణంగా ఒక శాతం దగ్గర ఉంటుంది కనుక దాని తరవాత రాసిన క్యారెట్టు, పాలకూర, బ్లూబెర్రీ అన్నీ చిటికెడే.

మూడో సంచిలోని "చికెన్ మీల్" అనే మాట వినడానికి తాజా కోడి అంత ఇంపుగా ఉండదు. అది కోడి మాంసాన్ని, చర్మాన్ని, కొంత ఎముకను ఉడికించి, కొవ్వు తీసి, ఎండబెట్టి పొడి చేసినది. నీరు ముందే పోయింది కనుక అది జాబితాలో మొదట ఉంటే ఆరిన తరవాత కూడా మొదటే ఉంటుంది, దానిలో ప్రొటీన్ 60 శాతానికి పైనే. మిశ్రమంలో పాతిక కిలోలు ఉన్నా 15 కిలోలకు తక్కువ కాని జంతు ప్రొటీన్ అందులోనే వస్తుంది. ఒక షరతు మాత్రం ఉంది: జంతువు పేరు రాసి ఉండాలి. "మీట్ మీల్", "జంతు ఉపఉత్పత్తులు" అని ఊరికే రాస్తే అది ఏ జంతువో, ఒక విడతకూ ఇంకో విడతకూ అదే ఉంటుందో లేదో మనకు తెలిసే దారి లేదు.

ఇక రోజువారీ లెక్క. 16 కిలోల పెద్ద కుక్కకు, రోజూ రెండు పూటలా నడక ఉంటే, సుమారు 900 కిలోకేలరీలు కావాలి. సంచి మీద ఉన్న ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ అంకెలకు 8 శాతం బూడిద, అంటే ఖనిజాలు, కలిపి వంద నుంచి తీసేస్తే పిండిపదార్థం తెలుస్తుంది. గ్రాము ప్రొటీన్‌కు, పిండికి మూడున్నర, కొవ్వుకు ఎనిమిదిన్నర చొప్పున కడితే మొదటి సంచిలో వంద గ్రాములకు 320, మూడోదానిలో 343 కిలోకేలరీలు వచ్చాయి. అంటే గాలికి రోజుకు మొదటిది 280 గ్రాములు, మూడోది 260 గ్రాములు. ప్రొటీన్ మొదటిదానితో 62 గ్రాములు, మూడోదానితో 68. ఖర్చు మొదటిది 62 రూపాయలు, మూడోది 109.

ఇక్కడ నేను అనుకున్నది తిరగబడింది. పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు చెప్పే అమెరికాలోని ఆఫ్కో సంఘం నిర్దేశాల ప్రకారం పెద్ద కుక్కకు ఆరిన బరువు మీద కనీసం 18 శాతం ప్రొటీన్ చాలు, తేమ తీసేసి చూస్తే మొదటి సంచిలో 24 శాతం ఉంది. అంకె చాలినంత ఉంది, కొరత ఉన్నది మూలంలోనే. ఆ మూలాన్ని మార్చడానికి సంచి మార్చనక్కర్లేదు. మొదటి సంచి 260 గ్రాములకు తగ్గించి ఒక ఉడికించిన గుడ్డు చేర్చాను. ఆరు గ్రాముల గుడ్డు ప్రొటీన్ వచ్చింది, మొత్తం 63 దగ్గరే నిలిచింది, ఖర్చు 64 రూపాయలు. కొత్తగా చేరింది లైసిన్ బాగా ఉన్న, తేలిగ్గా అరిగే ప్రొటీన్. ఒక గుడ్డు దగ్గరే ఆగాను, ఎందుకంటే పైన చేర్చే తిండి మొత్తం కేలరీల్లో పదో వంతు దాటితే సంచిలో సరిచూసి వేసిన కాల్షియం, భాస్వరం పాళ్లు పలచబడతాయి.

మా అమ్మ పెట్టే పెరుగన్నం కూడా ఇదే తూకంలో వేశాను. 300 గ్రాముల అన్నంలో 150 గ్రాముల పెరుగు కలిపితే ఆరిన బరువు మీద ప్రొటీన్ 12 శాతమే, 18కి బాగా లోపు. ఎండాకాలం మధ్యాహ్నం రెండు చెంచాలు పెడితే ఇబ్బంది లేదు, పూట భోజనంగా మాత్రం పనికిరాదు. తడి ప్యాకెట్ల విషయంలో పొరపాటు దీనికి రివర్సు: 8 శాతం ప్రొటీన్ అని చూసి చులకన చేస్తాం, కాని అందులో 80 శాతం నీరు. నీరు తీస్తే అది 40 శాతం.

మూడో సంచిని ఆరు వారాలు, మొదటిదాన్ని గుడ్డుతో ఆరు వారాలు పెట్టి చూశాను, ప్రతిసారీ వారం రోజులపాటు పాతదానిలో కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ మార్చాను. తేడా స్పష్టంగా తెలిసింది మలంలోనే. మూడోదానితో తక్కువగా, గట్టిగా వచ్చేది, మొదటిదానితో పరిమాణం పెరిగింది, గింజలూ పీచూ అరగకుండా పోతున్నాయన్న మాట. తొడ కండ, బరువు రెండిట్లోనూ మారలేదు. తిండి సరిగా తింటున్నా తొడ పలచబడితే సంచిని నిందించే ముందు నులిపురుగులకు మందు వేయించి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉందేమో రక్తపరీక్ష చేయించడం మేలు, ఈ ఊళ్లో అవి రెండూ మామూలే.

కాబట్టి గాలికి నేను కొనేది మూడోది, డబ్బు బిగువుగా ఉన్న నెలలో మొదటిది గుడ్డుతో. రెండోదాన్ని మళ్లీ ముట్టలేదు, అంత ధరకు మొక్కజొన్న కొనడం నాకు మింగుడు పడలేదు. ఏడాది లోపు పిల్లకైతే ఈ తీర్పు చెల్లదు. దానికి ఆరిన బరువు మీద కనీసం 22.5 శాతం ప్రొటీన్‌తో పాటు ఎదుగుదలకు సరిపడే కాల్షియం కావాలి, సంచి మీద "పప్పీ" అని గానీ "అన్ని వయసులకూ" అని గానీ ఉన్నదే తీసుకోవాలి, గుడ్డు చేర్చి మొదటి సంచితో నెట్టుకురాకూడదు. ఇంకా, 15 కిలోల సంచి చవకని ఆశపడి ఒకసారి కొన్నాను. రోజుకు 260 గ్రాముల చొప్పున అది దాదాపు రెండు నెలలు వస్తుంది, మా ఊరి ఉక్కలో నెల దాటేసరికి కొవ్వు ముక్కిపోయి పాత నూనె వాసన వేసింది, గాలి గిన్నె వాసన చూసి పక్కకు తిరిగింది. ఇప్పుడు మూడు కిలోల సంచే తెస్తున్నాను, పదకొండు రోజుల్లో అయిపోతుంది.