ఇంటర్ తర్వాత ఓడా, విమానమా, లాజిస్టిక్సా: ఏది మేలు?

ఇంట్లో ఎంపీసీ పిల్లాడుంటే చాలు, "మర్చంట్ నేవీలో డాలర్ల జీతమట, పైలట్‌కి లక్షలట" అని బంధువులు మొదలుపెడతారు. జీతం సంగతి సరే, మధ్యలో ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది? నేను ఈ మూడింటినీ ఆ ప్రశ్నతోనే తూకం వేస్తాను. కాకినాడ వైపు ఒక ఇల్లు అనుకుందాం: అబ్బాయికి ఎంపీసీలో 70 శాతం, తండ్రి అప్పుతో కలిపి 8 లక్షల దాకా పెట్టగలడు.

పైలట్ సంగతి తొందరగా తేలిపోతుంది. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, దానికే సుమారు 50 లక్షలు. ఎయిర్‌లైన్‌లో ఎక్కాలంటే ఆ విమానం రకానికి టైప్ రేటింగ్ కావాలి, అదింకో 12, 15 లక్షలు. లైసెన్సు చేతికొచ్చినా ఉద్యోగాల ప్రకటన పడేదాకా ఇంట్లోనే కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు, పైగా లైసెన్సు డిగ్రీ కాదు, ఎప్పుడైనా మెడికల్ పోతే ఉద్యోగమూ పోతుంది. అందుకని డబ్బున్న ఇంటివాళ్లు కూడా పక్కన దూరవిద్యలో ఒక డిగ్రీ చేయించాలి. మన కాకినాడ ఇంటికైతే ఇల్లు తాకట్టు పెట్టినా ఇది కుదరని పని.

ఓడ సంగతి అలా కాదు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పెట్టే ఐఎంయూ సెట్ రాసి, నాటికల్ సైన్స్ డిప్లొమా అయిన ఏడాది డీఎన్ఎస్ కోర్సు చేసి, డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే వైపు ట్రైనీగా, 18 నెలలు సముద్రం మీద గడిపి, ఆ తర్వాత సెకండ్ మేట్ పరీక్ష రాసి పాసైతే థర్డ్ ఆఫీసర్ అవుతాడు. కోర్సు ఫీజు, హాస్టల్, యూనిఫారం, తర్వాతి చిన్న కోర్సులు, పరీక్ష కోసం చెన్నైలోనో ముంబైలోనో ఉండే ఖర్చు అన్నీ కలిపి 6 నుంచి 8 లక్షలు పట్టుకోండి. సమయం పేపర్ మీద మూడేళ్లలోపే, ఓడకీ ఓడకీ మధ్య ఎదురుచూపులు కలిపితే నాలుగేళ్లు.

కోర్సుకి డబ్బు కట్టే ముందు, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టర్ దగ్గర కళ్లు చూపించండి. చుక్కల బొమ్మలో అంకె చదవలేకపోతే, అంటే ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియకపోతే, డెక్ దారి అక్కడితో సరి. అద్దాలున్నవాళ్లకి ఇంజిన్ వైపు కొంత వెసులుబాటు ఉంది.

అసలు గండం స్పాన్సర్‌షిప్. షిప్పింగ్ కంపెనీ తన పరీక్ష పెట్టి, కోర్సులో చేరకముందే స్పాన్సర్‌షిప్ లెటర్ ఇస్తే క్యాడెట్‌గా ఓడ దొరుకుతుందన్న ధీమా. లెటర్ లేకుండా చేరినవాడు డీఎన్ఎస్ పాసై కూడా ఏళ్ల తరబడి ఓడ కోసం తిరుగుతాడు, సరిగ్గా అప్పుడే "మూడు లక్షలు ఇవ్వండి, ఎక్కిస్తా" అనే ఏజెంట్ తగులుతాడు. ఉద్యోగం ఇప్పించడానికి నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ఓడలకి మనుషుల్ని పంపే అసలైన మ్యానింగ్ ఏజెన్సీకి ఆర్‌పీఎస్ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది, డీజీ షిప్పింగ్ సైట్‌లో చూసుకోవచ్చు. నంబరు అడిగితే మాట దాటేస్తే ఇక లేచి వచ్చేయడమే.

జీతం కూడా ఏడాది పొడవునా రాదు, చాలా కంపెనీల్లో ఓడ మీద ఉన్నన్నాళ్లే. థర్డ్ ఆఫీసర్‌కి నెలకి 2,500 డాలర్లు అనుకుంటే, ఏడాదిలో 7 నెలలు పనిచేస్తే 17,500 డాలర్లు, అంటే దాదాపు 15 లక్షలు. దీన్ని పన్నెండుతో భాగించి చూసుకోవాలి, నెల జీతాన్ని పన్నెండుతో గుణించకూడదు. క్యాడెట్‌కైతే వచ్చేది కొన్ని వందల డాలర్ల స్టైపెండే. చెల్లెలి పెళ్లికి సెలవు ముందే అడిగిపెట్టుకున్నా, రిలీవర్ రాకపోతే దిగడం కుదరదు. పైలట్ ఇంటికి దూరమయ్యేది రోజుల లెక్కన, నావికుడు నెలల లెక్కన.

ఒడ్డు ఉద్యోగాల దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది. పోర్టులోకి ఓడల్ని నడిపించే పైలట్, కంపెనీ ఓడల బాగోగులు చూసే మెరైన్ సూపరింటెండెంట్ లాంటి మంచి ఉద్యోగాలన్నీ దాదాపుగా మాస్టర్, అంటే ఓడ కెప్టెన్, సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే, దానికి పదేళ్లు సులువుగా పడుతుంది. సెకండ్ ఆఫీసర్‌గా ఉండగా పెళ్లైందనో విసుగొచ్చిందనో దిగిపోతే, డీఎన్ఎస్ వాడికి ఒడ్డున పెద్ద విలువ లేదు, సరుకు పంపే ఏర్పాట్లు చేసే ఫార్వర్డింగ్ కంపెనీలో చిన్న జీతంతో మొదలుపెట్టాలి. మెరైన్ ఇంజినీరింగ్ బీటెక్‌కి నాలుగేళ్లు, ఖర్చూ ఎక్కువే, కానీ దిగిపోయినా డిగ్రీ ఉంటుంది, పవర్ ప్లాంట్ల వాళ్లూ, పెద్ద భవనాల మెయింటెనెన్స్ వాళ్లూ తీసుకుంటారు. ఇంటిమీద బెంగ ఎక్కువున్న పిల్లాడికి నేను ఇంజిన్ వైపే చెబుతాను.

లాజిస్టిక్స్‌లో, అంటే సరుకు రవాణా పనిలో, పెట్టుబడి తక్కువ, మొదట్లో జీతమూ తక్కువే, నెలకి 15, 20 వేలు. మూడేళ్ల బీబీఏతో పాటు అప్రెంటిస్‌షిప్ ఉన్న కోర్సు దొరికితే మేలు. విశాఖలోనో కృష్ణపట్నంలోనో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో చేరి, ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు వేయడం, కంటైనర్‌ని గడువు లోపు పోర్టు గేటు దాటించడం నేర్చుకుని, తర్వాత కస్టమ్స్ వాళ్ల పరీక్ష రాసి, బ్రోకర్ ఉద్యోగులకిచ్చే జీ కార్డు తెచ్చుకుంటే అక్కడినుంచి జీతం కదులుతుంది. రాత్రి ఫోన్లు తప్పవు, తెల్లారేసరికి మాత్రం ఇంట్లో ఉంటారు.

మన కాకినాడ అబ్బాయికైతే నా లెక్క ఇది. చూపు బాగుండి, స్పాన్సర్‌షిప్ లెటర్ చేతికొస్తే డీఎన్ఎస్. లెటర్ రాకపోతే 8 లక్షలూ దాంట్లో పోయకుండా ఏడాది ఆగి మళ్లీ కంపెనీల పరీక్షలు రాయాలి, ఈలోపు లాజిస్టిక్స్ డిగ్రీలో చేరిపోవాలి. డీఎన్ఎస్‌కి వయసు పాతికేళ్ల దాకా ఉంది కాబట్టి తొందరేమీ లేదు.