లేబుల్ మీద రెండూ ఉన్నే: నా సూట్, నా స్వెటర్, ఎనిమిది చలికాలాలు

2016 చలికాలంలో లీడ్స్‌కి వచ్చిన కొత్తలో ఒకే వారంలో రెండు కొన్నాను. ఆఫీసుకి నేవీ బ్లూ సూట్, ఇంట్లోకి షెట్లాండ్ ఉన్ని స్వెటర్. రెండింటి లేబుల్ మీదా నూరు శాతం ఉన్ని అనే ఉంది. అవి అరిగిన తీరు చూస్తే మాత్రం ఆ మాట ఎవరూ నమ్మరు.

తేడా అంతా వడకడంలోనే ఉంది. సూట్ దారం వర్‌స్టెడ్. ఉన్నిని ఏకాక మళ్లీ దువ్వి, పొట్టి పోగులు తీసేసి, పొడవాటి పోగులు ఒకే వరుసలో ఉండగా గట్టిగా పురి పెడతారు. స్వెటర్ దారం వూలెన్. అందులో ఏకడం తప్ప దువ్వడం ఉండదు, పొట్టీ పొడవూ కలిపే వడికేస్తారు. మాది పొందూరు దగ్గర. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చిన్నప్పుడు చూశాను కాబట్టి ఈ సంగతి తొందరగానే బుర్రకెక్కింది.

సూట్ రోజంతా నలిగినా, రాత్రి హ్యాంగర్‌కి తగిలిస్తే పొద్దుటికి ముడతలు చాలావరకు పోతాయి. ప్యాంటు మడత కత్తిలా నిలుస్తుంది. ఐదో ఏడు నుంచి మాత్రం కూర్చునే చోట మెరుపు వచ్చింది. నునుపైన పోగులు రాపిడికి ఇంకా అణిగిపోయి అద్దంలా వెలుగు కొడతాయి. ఆవిరి పట్టిస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. మధ్యలో మోజుపడి వూలెన్ ట్వీడ్ ప్యాంటు కూడా కొన్నాను. మెరుపు సమస్య లేదు కానీ, నెల తిరక్కుండానే మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడింది. మెత్తని దారానికి సాగిన చోటు నుంచి వెనక్కి వచ్చే బిగువు తక్కువ.

స్వెటర్ కథ వేరు. దారంలో అడ్డదిడ్డంగా ఉన్న పోగుల మధ్య గాలి చిక్కుకుంటుంది, అందుకే బరువు లేకుండానే వెచ్చన. ఎదురుగాలి వీస్తే ఆ వెచ్చదనం ఎగిరిపోతుంది, పైన జాకెట్ ఉండాల్సిందే. మొదటి నెలలోనే చంకల కింద ఉండలు కట్టింది. మోసపోయానని తెగ టెన్షన్ పడ్డాను. వదులుగా ఉన్న పొట్టి పోగులు బయటికొచ్చి చుట్టుకోవడమే అది. రెండుమూడుసార్లు గీకేశాక బాగా తగ్గింది. దీని జత స్వెటర్‌ని ఒకసారి పొరపాటున వేడినీళ్లతో మెషిన్లో వేశాను. గట్టిపడి, మా ఐదేళ్ల పాపకి సరిపోయేలా వచ్చింది.

కొనేముందు తెలుసుకోవాలంటే, లోపలి అంచులో వేలాడే దారం ముక్క దొరికితే పురి విప్పి చూడండి. వర్‌స్టెడ్ అయితే దువ్విన జుట్టులా నిటారు పోగులు కనిపిస్తాయి. వూలెన్ అయితే కొంచెం లాగగానే నూగులా విడిపోతుంది. ఆఫీసు కోసం తర్వాత వర్‌స్టెడ్ మెరీనో స్వెటర్ తీసుకున్నాను. మూడేళ్లయినా ఉండలు పెద్దగా లేవు, చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఇంటికొచ్చాక మాత్రం మోచేతుల దగ్గర అతుకేసిన ఆ పాత షెట్లాండ్ మీదికే చేయి పోతుంది.