తండ్రిని పోగొట్టుకున్న స్నేహితుడికి ఏ మెసేజ్ మేలు?

వార్త తెలిసిన మొదటి గంటలో ప్రాణస్నేహితుడికి పంపే మెసేజ్ సాధారణంగా మూడు రకాలుగా ఉంటుంది. స్నేహితుడి పేరు రవి అనుకుని మూడూ రాసి చూద్దాం.

మొదటిది: "మీ నాన్నగారి మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. వారి ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థిస్తున్నాను. మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి."

రెండోది: "ఒరేయ్, ఎలా జరిగిందిరా? మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదా! ధైర్యంగా ఉండు. ఇప్పుడు ఇంటికి నువ్వే పెద్దదిక్కు, అమ్మని చూసుకో. ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు."

మూడోది: "రవీ, నాన్నగారి సంగతి ఇప్పుడే తెలిసిందిరా. ఏం రాయాలో తోచట్లేదు. మనం రాత్రిళ్లు చదువుకుంటుంటే చప్పుడు కాకుండా వచ్చి తలుపు దగ్గరికేసి వెళ్లేవారు, అదే గుర్తొస్తోంది. సాయంత్రం 6 కల్లా మీ ఇంట్లో ఉంటా. దీనికి జవాబు రాయకు."

మొదటిదాంట్లో తప్పు మాటేమీ లేదు. ఆఫీసులో పై అధికారికో, ముఖపరిచయం ఉన్నవాళ్లకో అయితే అదే సరైనది. కానీ రోజూ "రా" అని పిలిచే మనిషి ఒక్కసారిగా "మీ కుటుంబానికి" అంటే పరాయివాడు రాసినట్టుంటుంది. ఆ రోజు రవి ఫోన్‌కు అలాంటివి చాలా వస్తాయి. అందులో మీదేదో తెలియాలంటే పైనున్న పేరు చూడాల్సిందే. దండ వేసిన దీపం బొమ్మ ఫార్వర్డ్ చేయడమూ ఇదే కోవలోకి వస్తుంది.

ఎక్కువ మంది రాసేది రెండోదే, ఎక్కువ బరువు మోపేదీ అదే. అందులో ప్రేమ ఉంది, కానీ వాక్యవాక్యానికీ ఒక పని పెడుతుంది. "ఎలా జరిగింది?" అంటే అప్పటికే పదిమందికి చెప్పిన ఆ చివరి ఘడియల్ని మళ్లీ టైప్ చేయాలి. "మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదా" అన్నమాట, ముందే గమనించాల్సిందేమో అని లోపల తొలుస్తున్న అనుమానానికి తోడవుతుంది. "ధైర్యంగా ఉండు" అంటే ఏడవడానికి కూడా వెనకాడాలి. "ఏం కావాలన్నా అడుగు" అన్నది వినడానికి బాగుంటుంది గానీ, ఏం కావాలో ఆలోచించే బాధ్యత దుఃఖంలో ఉన్నవాడి మీదే పడుతుంది. అందుకే దాదాపు ఎవరూ అడగరు.

నా ఓటు మూడోదానికే. అందులో ప్రశ్న లేదు, సలహా లేదు. సాయం ఏమిటో, ఎప్పుడో తేల్చి చెప్పింది. వెళ్లలేని దూరంలో ఉంటే ఆ వాక్యం స్థానంలో నిజంగా చేయగల పని ఒకటి రాయాలి: "మన క్లాసువాళ్లందరికీ నేను చెప్తాను, ఆ ఫోన్లు నీకు రాకుండా చూస్తాను." ఇలా. చేయలేనిది మాత్రం రాయవద్దు. 6కి వస్తానని 9కి వెళ్లడం కన్నా సమయం రాయకపోవడమే నయం.

జ్ఞాపకం దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. "చాలా మంచి మనిషి" అనేది ఎవరైనా అనగలరు, తలుపు దగ్గరికేసిన సంగతి మీకు మాత్రమే తెలుసు. అయితే తొలి మెసేజ్‌లో ఒక్క వాక్యం చాలు. అంతకు మించితే చదివే ఓపిక ఉండదు. ఆయనతో నిజంగా పరిచయం లేకపోతే కల్పించవద్దు, కొడుకు ఇట్టే పట్టేస్తాడు. అప్పుడు "నువ్వు ఆయన గురించి చెప్పేటప్పుడల్లా నీ గొంతు మారేది" లాంటిది, అదీ నిజమైతేనే, రాయవచ్చు. తండ్రీకొడుకులకు పడదని తెలిస్తే జ్ఞాపకం జోలికే పోకుండా, "నీకోసం వస్తున్నా" అని ఆపేయడం మంచిది. అక్కడ పొగడ్తలు గుచ్చుకుంటాయి.

మెసేజా, ఫోనా అంటే, ఇంత దగ్గరివాళ్లయితే ఒకసారి ఫోన్ చేయవచ్చు. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయవద్దు, బంధువులకు కబురు చెప్పడానికి ఆ ఫోనే కావాలి. వెంటనే మెసేజ్ పెట్టాలి. వాయిస్ మెసేజ్ ఆ రోజుకు పనికిరాదు, చుట్టూ జనం ఉండగా దాన్ని వినడం కుదరదు. స్నేహితుల గ్రూపులో పెట్టినా విడిగా రాయడం తప్పదు. ఆయన ఫోటో స్టేటస్‌లో పెట్టడం మాత్రం ఇంటివాళ్లు అందరికీ చెప్పాకే. దగ్గరి బంధువుకు ఆ వార్త మీ స్టేటస్ చూసి తెలియకూడదు.

రవి చదివినట్టు గుర్తు కనిపించి జవాబు రాకపోతే "చూశావా?" అని అడగవద్దు, రాయకు అన్నది మీరే. రెండుమూడు వారాలకు వచ్చేవాళ్లు తగ్గిపోతారు, ఫోన్లూ ఆగుతాయి. మొదటిరోజు ఆపుకున్న పెద్ద జ్ఞాపకం అప్పుడు పూర్తిగా రాయండి. "నాన్నగారి గురించి మాట్లాడాలనిపిస్తే ఆదివారం సాయంత్రం చేస్తా, ఎత్తాలనిపించకపోతే వదిలెయ్" అని చివర్లో చేర్చండి.