ఇత్తడి బిందెకు గడియారం లెక్క: ఎడిటర్‌కు రాసే ఉత్తరంపై నా సమీక్ష

మాది ఇత్తడి, కంచు సామాను కొట్టు. బిందెలు, మరచెంబులు, దీపపు కుందులు, బుడితి నుంచి వచ్చే గీతల చెంబులు మా సరుకు. ఆన్‌లైన్‌లో పెట్టే ఫొటోలను శుభ్రం చేయడానికి ఇంటి దగ్గరి నుంచే పనిచేసే ఒక ఎడిటర్‌కు పంపుతాను. ఫొటోల వెంట ఒక ఉత్తరం వెళుతుంది. ఏ ఫొటోలో ఏది తీసేయాలి, ఏది ఉంచాలి అన్నది అందులో ఉంటుంది. ఇన్నాళ్లు వాడాక ఈ పద్ధతి గురించి రాయాలనిపించింది. ముఖ్యంగా అందులోని ఒక్క ఏర్పాటు నాకు ఎంత నచ్చిందో చెప్పాలి.

ఇత్తడి బిందెను ఫొటో తీసినవాళ్లకు అసలు ఇబ్బంది తెలుసు. మెరుగు పెట్టిన బిందె పొట్ట కుంభాకార దర్పణంలా పనిచేస్తుంది. గదిలో ఉన్నదంతా అందులో చిన్నదై కనిపిస్తుంది: ట్యూబులైటు, కిటికీ, ఫ్యాను రెక్కలు, ఫోను పట్టుకున్న మనిషి. బిందె వెనుక ఉన్నదాన్ని కత్తిరించడం తేలిక, అంచు వెంట గీత గీసి తీసేస్తే సరిపోతుంది. బిందె మీద కనిపిస్తున్నదాన్ని చెరపడమే కష్టం. చెరిపిన చోట ఇత్తడి ఎలా ఉండేదో ఎడిటర్ ఊహించి నింపాలి. అందుకే రెంటికీ కూలి వేరు, ఉత్తరంలో జాబితాలూ వేరు.

మొదట్లో ఫోనులోనే చెప్పుకునేవాళ్లం. "కుడివైపు వెలుగు తీసేయండి" అంటే బిందెకు కుడివైపా, చూసేవాళ్లకు కుడివైపా అన్న ప్రశ్న వచ్చేది. బిందె మీద నాలుగైదు వెలుగులు ఉంటాయి కనుక ఏ వెలుగు అన్నది ఇంకో ప్రశ్న. ఎడిటర్ గారే ఒక రోజు గడియారం లెక్క చెప్పారు. ఫొటో మీద గడియారం పెట్టినట్టు అనుకోవాలి. బిందె మూతి 12, అడుగు 6. మిగిలిన చోట్లకు గంట చెప్పి, అంచు దగ్గరా నడుమనా అన్నది పక్కన రాయాలి. అప్పటి నుంచి మా మధ్య ఆ తికమకే లేదు. ఒక బిందెకు నేను రాసినది ఇలా ఉంటుంది:

"IMG_2047.jpg, పెద్ద బిందె. కత్తిరించవలసినవి: వెనుక గోడ, కింద గుడ్డ, మెడకు కట్టిన ధర చీటీ, దాని దారం. చెరపవలసినవి: 2 గంటల దగ్గర, అంచు పక్కన కిటికీ చతురస్రం. నడుమ మనిషి నీడ. 5 గంటల దగ్గర వేలిముద్రలు. ఉంచవలసినవి: 10 నుంచి 8 గంటల వరకు నిలువుగా దిగిన పొడవాటి వెలుగు. పొట్టంతా ఉన్న సుత్తి గుర్తులు."

ఆ చివరి వరుస విలువ వాడినకొద్దీ తెలిసింది. వెలుగులన్నీ చెరిపేస్తే బిందె పసుపు రంగు ప్లాస్టిక్‌లా తయారవుతుంది. లోహం అని కంటికి తెలియాలంటే ఒక పొడవాటి వెలుగు, అంచుల్లో కాస్త నలుపు ఉండాలి. సుత్తి గుర్తులు కూడా అంతే. చేత్తో కొట్టిన బిందె మీద అవి సహజంగా ఉంటాయి. రాయకపోతే సొట్టలనుకుని నున్నగా చేసేస్తారు. తర్వాత సరుకు చేరిన ఇంటివాళ్లు "ఫొటోలో నున్నగా ఉంది, ఇదేమిటి?" అని తిప్పి పంపుతారు. మరచెంబుల విషయంలో ఇంకొకటి కూడా రాయాలి. పిడికీ చెంబుకూ మధ్యనున్న సందులోని గోడను కూడా కత్తిరించాలి. చుట్టూ తెల్లగా ఉండి ఆ సందులో మాత్రం గోడ రంగు మిగిలితే కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

ఇంత మెచ్చుకున్నాక, ఈ పద్ధతి నిలబడని చోటు కూడా చెప్పాలి. ఒక పండగకు ముందు బిందెలన్నిటినీ ఎర్ర పట్టు గుడ్డ మీద పెట్టి తీశాం. ఉత్తరంలో "కింద గుడ్డ కత్తిరించాలి" అని రాశాను. ఎడిటర్ గారు అంచు వెంట ఒక్క పోగు కూడా మిగలకుండా కత్తిరించి తెల్లటి ఫొటోలు పంపారు. అయితే బిందె కింది భాగంలో, 4 నుంచి 8 గంటల వరకు, ఎర్రటి పట్టీ ఒకటి మిగిలింది. గుడ్డ ఉన్నప్పుడు అది గుడ్డ నీడగా కనిపించింది. గుడ్డ పోయాక అది బిందె రంగే అయిపోయింది. ఒకావిడ ఫోను చేసి "అడుగు రాగిదా అండీ?" అని అడిగారు. రాగి అడుగు వేసిన పాత్రలు బజారులో ఉన్నవే కనుక ఆవిడ అనుమానం సబబే.

ఎడిటర్ గారు రెండు రకాలుగా ప్రయత్నించారు. ఎరుపును తగ్గిస్తే అక్కడ పసుపు తేలలేదు, చిలుము పట్టినట్టు పాలిపోయిన బూడిద రంగు వచ్చింది. పై భాగం నుంచి పసుపు తెచ్చి అతికిస్తే సుత్తి గుర్తులు పోయి, అతుకు దగ్గర గీత పడింది. చివరకు ఆయన రాసిన మాట నాకు బాగా గుర్తుంది: "గుడ్డను కత్తిరించగలను. బిందె మీద పడిన గుడ్డను కత్తిరించలేను." ఆ ఫొటోలన్నీ మళ్లీ తీశాం. ఈసారి కింద తెల్ల చార్టు, రెండు పక్కలా తెల్ల గుడ్డ. అన్నివైపులా తెలుపే ఉంటే బిందె అంచు తెలుపులో కరిగిపోతుంది. అందుకని ఫొటోలో పడకుండా అటూ ఇటూ సన్నటి నల్ల చార్టు ముక్కలు నిలబెట్టాం. ఆ నలుపు బిందె అంచుల్లో ప్రతిఫలించి రూపాన్ని నిలబెట్టింది. ఆ ఫొటోలకు రాసిన ఉత్తరంలో చెరపవలసినవి దాదాపు లేకుండా పోయాయి. ఎడిటర్ గారి కూలీ ఆ మేరకు తగ్గింది.

ఇప్పుడు ఫొటో తీయగానే కింది మూడో వంతును పెద్దది చేసి చూస్తాను. అక్కడ పసుపు కాక వేరే రంగు కనిపిస్తే ఆ ఫొటో ఎడిటర్ దాకా వెళ్లదు. ఉత్తరంతో సరిదిద్దలేనిదాన్ని ఉత్తరంలో రాసి లాభం లేదు.

ఇంకొక సంగతి. జాబితా ఎంత వివరంగా రాస్తే ఎడిటర్ అంతవరకే ఆగిపోతారు. నేను రాయలేదు కదా అని మూత మీది దూదిపోగును అలాగే వదిలేసిన సందర్భాలున్నాయి. పూర్వం ఫోనులో పైపైన చెప్పినప్పుడు అలాంటివి ఆయనే చూసి తీసేసేవారు. ఇప్పుడు ప్రతి ఉత్తరం చివర "దుమ్ము, పోగులు ఎక్కడున్నా అడగకుండా తీయండి" అని ఒక వరుస చేరుస్తున్నాను. అది చాలావరకు పనిచేస్తోంది, అన్నిసార్లూ కాదు. పైగా రాయడానికి పట్టే సమయం నాది. కొట్టు మూసాక కూర్చుని రాస్తాను కనుక సాగుతోంది. రోజుకు పెద్ద సంఖ్యలో ఫొటోలు పంపే కొట్టుకు ఇది కుదురుతుందని చెప్పలేను.

మా సరుకులో ఎక్కువ భాగం గుండ్రటిది. ఎడిటర్ ఒక్కరే, ఏళ్లుగా వారే. గడియారం లెక్క ఇంత బాగా కుదరడానికి ఆ రెండూ కారణాలే. చీరల కొట్టువాళ్లు అడిగితే ఇదే చేయమని చెప్పను, మడతలకు గంటలుండవు. మా దగ్గరే అష్టలక్ష్మి చెంబుల వంటి బొమ్మల సరుకుకు ఇది సరిపోవడం లేదు. ఒకే గంట దగ్గర కిరీటం, చేయి, తామర పక్కపక్కనే ఉంటాయి. వాటికి మాత్రం ఫొటోను కాగితం మీద ముద్ర వేసి, తీయవలసిన చోట పెన్నుతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని మళ్లీ ఫొటో తీసి ఉత్తరానికి జతచేస్తున్నాను.