‘సెకనుకు రెండున్నర పదాలు’ అని లెక్కగట్టి ఇచ్చే తెలుగు స్క్రిప్టులతో జాగ్రత్త

వాయిస్ ఓవర్ స్క్రిప్టు బయట రాయించుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను కట్టేశాక తెలుసుకున్నాను.

నీళ్ళ ట్యాంకు శుభ్రం చేయడం గురించి సరిగ్గా 90 సెకన్ల వీడియో. ఎడిటింగ్ అయిపోయింది, షాట్లు కదిలించడానికి లేదు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక రచయిత ‘నిడివికి గ్యారంటీ’ అన్నారు, 225 పదాల స్క్రిప్టు పంపారు. సెకనుకు రెండున్నర చొప్పున 90 సెకన్లకు 225. లెక్క చక్కగా ఉంది కదా అని డబ్బు పంపేశాను. వాయిస్ ఆర్టిస్ట్ మామూలు వేగంతో చదివితే 2 నిమిషాల 12 సెకన్లు వచ్చింది.

ఆ రెండున్నర ఇంగ్లిషు లెక్క. నిమిషానికి 150 పదాలని వాళ్ళు చెప్పుకునేది అదే. తెలుగులో విభక్తులూ క్రియల తోకలూ పదానికే అతుక్కుంటాయి. ‘మరిచిపోకూడదనుకుంటే’ అన్నది ఒక్క పదమే, నోటికి మాత్రం పది అక్షరాలు. మా ఆర్టిస్ట్ హాయిగా వినిపించేలా చదివితే సెకనుకు 1.7 పదాలే పడ్డాయి.

ఫిర్యాదు చేస్తే ఆ రచయిత రెండోసారి 160 పదాల స్క్రిప్టు పంపారు. అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. చదివిస్తే 1 నిమిషం 54 సెకన్లు! 65 పదాలు తగ్గితే 18 సెకన్లే ఎలా తగ్గిందా అని రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నిజంగా తీసేసినవి ముప్పై పదాలే. మిగతా చోట్ల ‘చేయడం లేదు’ని ‘చేయడంలేదు’ అనీ, ‘పడి ఉంటే’ని ‘పడిఉంటే’ అనీ మధ్య ఖాళీలు చెరిపేశారు. పదాల సంఖ్య తగ్గింది, నోరు పలికేది అంతే ఉంది. అంకెలూ అలాంటివే. 1998 అని రాస్తే లెక్కలో ఒక్కటి, చదివితే ‘పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది’.

‘ఎడిటింగ్‌లో స్పీడు పెంచుకోండి’ అన్నది వారి చివరి జవాబు. 114 సెకన్లను 90లో ఇరికించాలంటే పావు వంతుకు పైగా వేగం పెంచాలి. పెంచి విన్నాను. వాక్యాల మధ్య ఊపిరి పోయింది, ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఐదు శాతం లోపు సవరణ అయితే చెవికి పెద్దగా తెలియదు, అంతకు మించి ఆశపడకండి.

అందుకే నేనిప్పుడు పదాలు వదిలేసి అక్షరాలు లెక్కపెడుతున్నాను. గుణింతం, ఒత్తు, సున్నా కలిపి ఒక్కటే అక్షరం. పొల్లును విడిగా లెక్కపెట్టను. అంకెల్ని ముందే అక్షరాల్లో రాసుకుంటాను. మా ఆర్టిస్ట్‌కు సెకనుకు దాదాపు ఆరు పడుతున్నాయి. మీవాళ్ళకు ఎంతో తెలియాలంటే మీ స్క్రిప్టులోంచే ఒక పేరా ఇచ్చి, ఆ వీడియోకు కావాల్సిన తీరులో చదివించి, టైమర్ పెట్టి భాగించండి. వార్తలు చదివే వేగం వేరు, నెమ్మదిగా వివరించే వేగం వేరు.

ఒక షాటు చెబుతాను. ట్యాంకు అడుగు కనిపించేది 4 సెకన్లు. దానికి వచ్చిన వాక్యం: ‘నీటి ట్యాంకును ఆరు నెలలకోసారి శుభ్రం చేయించుకోకపోతే అడుగున మడ్డి పేరుకుపోతుంది.’ తొమ్మిది పదాలు, రెండున్నర లెక్కన 3.6 సెకన్లు, సరిపోయినట్టే కనిపిస్తుంది. అక్షరాలు 34, అంటే దగ్గరదగ్గర 5.7 సెకన్లు. మాట ముగిసేలోపు తెర మీద వేరే షాటు వచ్చేస్తుంది. అడుగు ఎలాగూ కనిపిస్తూనే ఉంది కాబట్టి ‘ఆరు నెలలకోసారి కడగకపోతే ట్యాంకులో మడ్డి చేరుతుంది’ అని మార్చాను. 23 అక్షరాలు, 3.8 సెకన్లు. మొత్తం నిడివి కుదిరినా ఇలా షాటు షాటుకూ చూడకపోతే మాట ఒకటి, బొమ్మ ఒకటి అయిపోతాయి.

మొత్తం నిడివిలోనూ 90 సెకన్లూ మాటకే దక్కవు. మొదటి సంగీతానికి 3, చివర పేర్లకు 4, మధ్య విరామాలకు 5 పోతే నాకు మిగిలింది 78. ఆరు చొప్పున 468 అక్షరాలు, అంటే మామూలు రాతలో 130 పదాల చుట్టుపక్కల. నాకు అమ్మిన 225 ఎక్కడ, ఇది ఎక్కడ!

నిడివికి గ్యారంటీ అంటే, మొత్తం స్క్రిప్టును వాళ్ళే మామూలు వేగంతో చదివి ఫోన్లో రికార్డు చేసి పంపమనండి. మీ వీడియోను మ్యూట్ చేసి ఆ రికార్డింగ్ పక్కన ఆడించి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. నేను మళ్ళీ ఇంకొకరితో రాయించుకున్నది ఈ షరతు మీదే. ఆయన మొదటి రికార్డింగ్ రెండు సెకన్లు ఎక్కువ వచ్చింది, రెండు విశేషణాలు తీసేస్తే సరిపోయింది.