అపార్ట్‌మెంట్ కిరాయి పోర్టల్: చాన్నాళ్లు వాడినంక నా అభిప్రాయం

డాలస్‌లో మేముండే అపార్ట్‌మెంట్ వాళ్లు కిరాయి చెక్కు రూపంలో తీసుకోరు, అంతా పోర్టల్‌లోనే. చేరినప్పటి నుంచి వాడుతున్నాను. కట్టడానికి బాగుంటుంది. ఎందుకు కడుతున్నామో తెలుసుకోవడానికి మాత్రం బాగుండదు. మొదటి పేజీలో `Balance Due` అని ఒక్క అంకె పెద్దగా కనిపిస్తుంది. దాని వెనకున్న కథంతా లెడ్జర్‌లో ఉంటుంది, అక్కడికి వెళ్లే దారి మెనూలో ఎక్కడో కింద దాగుంటుంది.

ఆ లెడ్జర్ నాకు అర్థమైంది డాలస్‌లో కాదు, హన్మకొండలో. దసరాకు ఇంటికొచ్చాను. రాత్రి భోజనాల వేళ నా రూమ్మేట్ స్క్రీన్‌షాట్ పంపింది. తనది హుజూరాబాద్, నాలాగే సాఫ్ట్‌వేర్. అక్కడప్పుడు పొద్దున. "అక్కా, కిరాయి ఒకటో తారీఖే కట్ అయింది గదా, మళ్లీ వంద డాలర్లు లేట్ ఫీజు ఏందే?" అని వెంటనే ఫోన్.

స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇంతే:

```
09/25  Trash/Pest     38.50      38.50
10/01  Rent        1,600.00   1,638.50
10/01  Payment    (1,600.00)     38.50
10/04  Late Fee      100.00     138.50
```

కుడివైపు చివరి నిలువు వరుసలోది ఆ తేదీకి మిగిలిన బాకీ. బ్రాకెట్లలో ఉన్న అంకె మనం కట్టిన సొమ్ము, బాకీలోంచి తీసేసేది. తను దాన్ని ఇంకో చార్జీ అనుకొని సగం కంగారు పడింది. అది తేలినంక మిగిలింది ఒకటే ప్రశ్న: 38.50 చెత్త, పురుగుల మందు బిల్లు కదా, కిరాయి పూర్తిగా కట్టినట్టే కదా?

మా బాపు పక్కనే కూర్చొని వింటున్నాడు. మేడ మీది రెండు పోర్షన్లు కిరాయికిచ్చి నోటుబుక్కులో రాసుకునే మనిషి. "కిరాయి కింద ఇచ్చిన పైసలు కిరాయికే జమ చెయ్యాలె. కరెంటు బిల్లు బాకుంటే అది వేరే రాసుకోవాలె" అన్నాడు. న్యాయమైన మాట. కానీ మా లీజులో వేరేలా ఉంది. రూమ్మేట్‌ను ఆ పీడీఎఫ్ తెరిచి చదవమన్నాను. వచ్చిన సొమ్మును ముందు కిరాయి కాని బాకీలకు సర్దుకొని, మిగిలింది కిరాయికి జమ చేసుకుంటామని ఒక వాక్యం ఉంది. అంటే మా 1,600లో 38.50 ముందు చెత్త బిల్లుకు పోయింది. కిరాయికి చేరింది 1,561.50. కాగితం మీద తగ్గింది కిరాయే.

టెక్సాస్ చట్టం ప్రకారం కిరాయి గడువు దాటి రెండు పూర్తి రోజులు గడిస్తే గానీ లేట్ ఫీజు వెయ్యకూడదు. ఒకటో తారీఖు గడువు, రెండు, మూడు పోయి నాలుగున వేశారు. నాలుగిళ్లకు మించిన బిల్డింగులో కిరాయిలో 10 శాతం దాటకపోతే ఆ ఫీజును సబబుగానే చూస్తారు. మాకు 160 దాకా. కాబట్టి వందతో కొట్లాడేందుకు చట్టం పెద్దగా సాయపడదు.

అసలు తగువంతా `Autopay` దగ్గర ఉంది. అందులో `Fixed Amount` పెడితే ఎప్పుడూ 1,600 మాత్రమే తీస్తుంది. చిల్లర చార్జీలు నెలనెలా కొంచెం మారతాయి, ఆ సంగతి దానికి పట్టదు. అలాగే వదిలేస్తే నవంబరులో పాత 138.50, కొత్త చెత్త బిల్లు ముందు తినేసి, కిరాయిలో ఈసారి ఇంకా పెద్ద తొర్ర పడేది. మళ్లీ లేట్ ఫీజు. ఇది తయారుచేసిన వాళ్లు "మీరు పెట్టిన మొత్తం ఈ నెల బాకీకి సరిపోదు" అని ఒక్క హెచ్చరిక పెట్టలేకపోయారా! మేమిద్దరం రోజూ ఆఫీసులో రాసే పనే అది.

ఇప్పుడు మొత్తం బాకీ తీసే ఆప్షన్‌కు మార్చి, దానికి పై పరిమితి పెట్టుకున్నాం. లేకపోతే వాళ్లు తప్పుగా వేసిన చార్జీ కూడా అడక్కుండా పోతుంది. అప్పుడు కూడా నెలాఖరున ఒకసారి లెడ్జర్ చూస్తాం, ఎందుకంటే డబ్బు తీసినంక పడ్డ చార్జీ మిగిలిపోతుంది. ఫీజు గురించి ఆ స్క్రీన్‌షాట్ జతచేసి, కట్టిన తేదీ చూపించి, మర్యాదగా మెయిల్ రాస్తే ఆఫీసు వాళ్లు ఈ ఒక్కసారికి మాఫీ చేశారు. 38.50 అదే రోజు కట్టేశాం.

రూమ్మేట్లతో ఉండేవాళ్లకు ఇంకో మాట. పోర్టల్‌కు మీ వాటా, నా వాటా తెలియవు. లీజులో ఇద్దరి సంతకాలున్నాయి కాబట్టి ఒకరు తక్కువ కట్టినా బాకీ ఇద్దరిదీ.

అయిదుకు మూడు చుక్కలు ఇస్తాను. ఖాళీ చేసేటప్పుడు లెడ్జర్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, లీజు ముగిసినంక వాళ్లు మీ లాగిన్ ఆపేయొచ్చు. డిపాజిట్ లెక్క అడగాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.